క్యారియర్ భోజనం: తెచ్చుకునే ఖర్చు, మిగిలే సొమ్ము

నెల డబ్బులు ముందే కట్టించుకుని రోజూ మధ్యాహ్నం క్యారియర్ పంపే వ్యాపారంలో రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి, కొత్త ఖాతాదారును తెచ్చుకోవడానికి అయిన ఖర్చు. రెండోది, అతను మానేసేలోగా వంటగదికి మిగిల్చే సొమ్ము. దీన్ని జీవితకాల విలువ అంటారు.

కూకట్‌పల్లిలో ఒక వంటగది నెలకు 25 భోజనాలకు 3,000 రూపాయలు తీసుకుంటోందనుకుందాం. అంటే భోజనం 120 రూపాయలు. సరుకులు, గ్యాస్, డబ్బాలు కడగడం, చేరవేత కలిపి ఒక్కోదానికి 90 పోతే 30 మిగులుతుంది. ఒక్కో ఖాతా మీద నెలకు మిగిలేది 750.

ఇక ఖర్చు. ఒక నెలలో కరపత్రాలకు 6,000, ఫోన్ ప్రకటనలకు 12,000, మొదటి నెల తగ్గింపులకు 4,800 అయ్యాయి. రుచి చూడమని ఉచితంగా పంపిన 80 భోజనాలకు మరో 7,200. మొత్తం 30,000. చేరినవారు 20 మంది. అంటే తలకు 1,500. ఉచిత భోజనాలను వంట ఖర్చులో కలిపేస్తే ఈ అంకె తక్కువగా కనబడి మోసం చేస్తుంది.

నెల మొదట్లో ఉన్న 100 మందిలో 20 మంది మానేస్తుంటే, ఒక ఖాతా సగటున 5 నెలలు నిలుస్తుంది. 5 నెలలకు 750 చొప్పున జీవితకాల విలువ 3,750. ఇది తెచ్చుకునే ఖర్చుకు రెండున్నర రెట్లు. వసూలైన 15,000ను విలువగా తీసుకుంటే పది రెట్లు లాభమన్న భ్రమ కలుగుతుంది. వంటగది అద్దె, వంటవారి జీతాలు కూడా ఈ మిగులులోంచే రావాలి. అందుకే కనీసం మూడు రెట్లు ఉండాలన్నది వ్యాపారంలో వాడుకగా ఉన్న కొలత.

సగటు ఒక నిజాన్ని దాస్తుంది. పెట్టిన 1,500 తిరిగి రావడానికి రెండు నెలలు పడుతుంది. మొదటి నెలకే మానేసినవారు తలకు 750 నష్టం మిగిల్చి పోతారు. తగ్గింపు చూసి చేరినవారిలో ఇలాంటివారు ఎక్కువైతే ఖాతాలు పెరుగుతున్నా చేతిలో డబ్బు తరుగుతుంది. ఏ నెలలో, ఏ దారిన చేరినవారు ఎన్నాళ్లున్నారో విడివిడిగా రాసుకుంటేనే ఇది బయటపడుతుంది.

రోజూ అవే కూరలని విసిగి మానేసేవారు ఎక్కువుంటే, భోజనానికి మరో 5 రూపాయలు పెట్టి కూరలు మార్చవచ్చు. అప్పుడు నెల మిగులు 625కి తగ్గుతుంది. కానీ మానేసేవారు 20 నుంచి 10కి తగ్గితే ఖాతా 10 నెలలు నిలిచి, విలువ 6,250 అవుతుంది. తెచ్చుకునే ఖర్చుకు ఇది నాలుగు రెట్లకు పైనే. ఇలాంటి చోట ప్రకటనకు పెట్టే రూపాయి కన్నా కూరకు పెట్టే రూపాయే ఎక్కువ సంపాదిస్తుంది.