మంచంలో ఉన్న అమ్మకి నడుం కింద ఎర్ర మచ్చ: వేలితో నొక్కి చూశారా?

శావల్యాపురంలో మా అమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడింది. పదో రోజు ఒళ్లు తుడుస్తుంటే నడుం కింద, తోక ఎముక మీద రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ కనిపించింది. చెమట పొక్కు అనుకుని పౌడర్ వేశాను. అది తప్పు.

అలాంటి మచ్చ కనిపిస్తే వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఇంకా ఆడుతోందని అర్థం. నొక్కినా ఎర్రగానే ఉంటే అది పడక పుండు మొదటి దశ. మన నల్లటి చర్మం మీద ఎరుపు సరిగ్గా తెలీదు కదా, అందుకే పక్క చర్మం కంటే నల్లగా, వేడిగా, గట్టిగా ఉందేమో చేత్తో తడిమి చూడండి. పైన ఎముక, కింద పరుపు, మధ్యలో చర్మం నలిగి రక్తం అందదు. అందుకే దీనికి మొదటి మందు బరువు తీయడమే.

నేను ఫోన్‌లో రెండు గంటలకో అలారం పెట్టాను. మచ్చ నడుం మీద ఉంది కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టడం మానేశాను. ఆరింటికి ఎడమవైపు, ఎనిమిదింటికి కుడివైపు, అలా మారుస్తూ వచ్చాను. పూర్తిగా పక్కకి తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది. అందుకే వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాల్చాలి, అంతే. తర్వాత నడుం కింద చెయ్యి పెట్టి చూడండి, మచ్చ పరుపుకి ఆనకూడదు. పిక్కల కింద ఇంకో దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి. ఎముక విరిగినవాళ్ళని ఎటు తిప్పవచ్చో డాక్టర్‌ని ముందే అడగండి. జరిపేటప్పుడు ఈడ్వద్దు, కింద దుప్పటి పట్టుకుని ఇద్దరు ఎత్తాలి. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పడం ఆపకూడదు.

మచ్చని రుద్దొద్దు, మధ్యలో రంధ్రం ఉన్న ట్యూబ్ మీద కూర్చోబెట్టొద్దు. మూత్రం, మలం తగిలితే వెంటనే కడిగి మెల్లగా అద్ది ఆరబెట్టండి.

చర్మం లేచి పచ్చిగా కనిపిస్తే అది రెండో దశ. చేతులు సబ్బుతో కడుక్కుని, మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో పుండు కడగండి. చుట్టూ ఉన్న చర్మం అద్ది, పుండుకి అంటుకోని ఫోమ్ డ్రెస్సింగ్ వేయండి. అది తడిసినా, మురికైనా మార్చాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు వద్దు. స్పిరిట్, పెరాక్సైడ్ కొత్తగా వస్తున్న చర్మాన్ని దెబ్బతీస్తాయి. పొడి దూది కూడా వద్దు, పీకేటప్పుడు చర్మాన్ని లాగేస్తుంది.

మా అమ్మకి పుండు పడలేదు. ఐదో రోజుకి నొక్కితే తెల్లబడింది. కానీ చీము, చెడు వాసన, నల్లటి పెచ్చు, లోతు, జ్వరం, చుట్టూ పాకే ఎరుపు, వీటిలో ఏది కనిపించినా ఇంట్లో చూసుకోవద్దు. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. కదల్చలేకపోతే ముందు మీ ఊరి ఏఎన్‌ఎమ్‌కి ఫోన్ చేయండి.

ఈ రోజు ఒళ్లు తుడిచేటప్పుడు నడుం, తుంటి, మడమ, ఈ మూడూ చూడండి.