ఇంటర్వ్యూ అయ్యాక రాసే నాలుగు ముక్కలు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి టెక్నికల్ ఇంటర్వ్యూ అంటే ఇప్పుడు చాలాచోట్ల ముప్పావు గంట నుంచి గంట దాకా సాగే వీడియో కాల్. ఇద్దరికీ కనబడే ఒక ఎడిటర్ తెరిచి, ఇంటర్వ్యూ చేసే ఇంజినీరు ఒక సమస్య ఇస్తారు. అభ్యర్థి తన ఆలోచనను పైకి చెబుతూ కోడ్ రాయాలి. ఎక్కడైనా ఆగిపోతే అవతలివారు ఒక చిన్న ప్రశ్న వేస్తారు, దారి దొరుకుతుంది. అందుకే బాగా జరిగిన ఇంటర్వ్యూ పరీక్షలా ఉండదు. ఇద్దరు కలిసి కూర్చుని ఒక పని చేసినట్టు ఉంటుంది.

కాల్ అయిపోయాక ధన్యవాదాలు చెబుతూ మెయిల్ పంపడం అమెరికాలో పాత మర్యాదే. అక్కడ ఉద్యోగం వెతుక్కునే తెలుగువాళ్లకు ఇది అలవాటే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఆ దేశపు బృందాలకు ఇంటర్వ్యూ ఇచ్చేవాళ్లు కూడా ఇప్పుడు పంపుతున్నారు. అయితే వీటిలో చాలావాటికి ముఖం ఉండదు. ‘మీ విలువైన సమయం కేటాయించినందుకు కృతజ్ఞతలు, మీ సంస్థలో పనిచేయాలని ఎంతో ఆసక్తిగా ఉన్నాను’ అని ఉంటుంది. కంపెనీ పేరు మారిస్తే అదే మెయిల్ ఎవరికైనా పంపొచ్చు. ఆ గంటసేపు ఇద్దరూ కలిసి తేల్చిన సమస్య గురించి రాసిన నాలుగు ముక్కలను మాత్రం ఇంకెవరూ రాయలేరు. ఆ నాలుగు ముక్కలు ఎలా రాయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

మన దేశపు ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగే సమస్య ఒకటుంది. ఒక స్టేషన్‌కు వచ్చే రైళ్ల రాకపోకల వేళలు ఇస్తారు. ఏ రైలూ బయట ఆగకుండా ఉండాలంటే కనీసం ఎన్ని ప్లాట్‌ఫారాలు కావాలో చెప్పాలి. నాలుగు రైళ్లు ఉన్నాయనుకుందాం. మొదటిది 10:00కు వచ్చి 10:20కి వెళ్తుంది. రెండోది 10:10 నుంచి 10:40 దాకా, మూడోది 10:20 నుంచి 10:50 దాకా, నాలుగోది 10:45 నుంచి 11:00 దాకా ఉంటాయి.

ఇంటర్వ్యూ ఇస్తున్న అమ్మాయి మొదట ప్రతి రైలునూ మిగతా రైళ్లన్నిటితో పోల్చే పద్ధతి చెప్పిందనుకుందాం. సమాధానం సరిగ్గానే వస్తుంది. కానీ వెయ్యి రైళ్లుంటే దాదాపు 5 లక్షల జతలు చూడాలి. అప్పుడు ఇంటర్వ్యూ చేస్తున్న ఇంజినీరు ఇలా అడిగారు: ‘ఏ రైలు వెళ్లిందో మనకు తెలియాలా? ఏదో ఒకటి వెళ్లిందని తెలిస్తే సరిపోదా?’ అక్కడే ముడి విడిపోయింది. రైళ్ల గుర్తింపుతో పని లేకపోతే వచ్చే వేళలన్నిటినీ ఒక వరసలో, వెళ్లే వేళలన్నిటినీ ఇంకో వరసలో విడివిడిగా సర్దుకోవచ్చు. తర్వాత రెండు వరసల మీదా ఒక్కసారి నడిచి, రైలు వస్తే ఒకటి కలిపి, వెళ్తే ఒకటి తీసేస్తే చాలు. మధ్యలో వచ్చిన అతి పెద్ద అంకే సమాధానం.

```python
while i < n and j < n:
    if arr[i] < dep[j]:
        need += 1
        i += 1
        best = max(best, need)
    else:
        need -= 1
        j += 1
```

ఇందులో `arr` వచ్చే వేళల వరస, `dep` వెళ్లే వేళల వరస. తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నది 10:20 గురించి. సరిగ్గా ఆ నిమిషానే మొదటి రైలు వెళ్తోంది, మూడోది వస్తోంది. ఖాళీ అయిన ప్లాట్‌ఫారం మీదికే దాన్ని తీసుకోవచ్చా? తీసుకోవచ్చంటే `<` రాయాలి, సమాధానం 2 వస్తుంది. కుదరదంటే `<=` రాయాలి, సమాధానం 3 అవుతుంది. రెండూ ఒప్పే, ప్రశ్నను ఎలా అర్థం చేసుకున్నామన్నదే తేడా. తీసుకోవచ్చనే షరతు పెట్టుకుని ఇద్దరూ ముందుకెళ్లారు. అంతలో సమయం అయిపోయింది.

ఇప్పుడు మెయిల్ సంగతి. కాల్ ముగిసిన వెంటనే చేయాల్సిన మొదటి పని మెయిల్ రాయడం కాదు, గుర్తున్నవి కాగితం మీద పెట్టుకోవడం. ఏ ప్రశ్న వచ్చింది, మనం ఎక్కడ ఆగాం, అవతలివారు ఏం అడిగారు, దేని గురించి మాట్లాడకుండానే వదిలేశాం. సాయంత్రానికి ఇవి చెదిరిపోతాయి. తర్వాత ఆ కోడ్‌ను సొంత కంప్యూటర్లో మళ్లీ రాసి నడపాలి. మెయిల్‌లో పెట్టదగ్గ మాట ఏదన్నా ఉంటే ఇక్కడే దొరుకుతుంది.

మన ఉదాహరణలో దొరికేది అర్ధరాత్రి రైలు. 23:50కి వచ్చి 00:10కి వెళ్లే రైలును అయిదోదిగా కలిపి చూడండి. వేళలను నిమిషాల్లోకి మారిస్తే అది 1430కి వచ్చి 10కి వెళ్తుంది. వెళ్లే వేళల వరసలో ఆ 10 అన్నిటికంటే ముందుకొస్తుంది. దాంతో ఒక్క రైలు కూడా రాకముందే ఒకటి వెళ్లిపోయినట్టు లెక్క పడి, మైనస్ 1 నుంచి మొదలవుతుంది. రెండు ప్లాట్‌ఫారాలు కావాల్సిన చోట ఒకటే చాలంటుంది ప్రోగ్రాం. రోజూ ఇవే వేళలైతే దీనికి విరుగుడు ఉంది. ఆ రైలును రెండుగా చూడాలి: 1430 నుంచి 1440 దాకా ఒకటి, 0 నుంచి 10 దాకా ఒకటి. అలా మార్చి నడిపితే సమాధానం మళ్లీ 2 వస్తుంది.

మెయిల్ ఎలాగూ ఇంగ్లీషులోనే వెళ్తుంది. దాని సారం తెలుగులో ఇలా ఉంటుంది.

*విషయం: ఈ రోజు ఇంటర్వ్యూకు ధన్యవాదాలు – ప్లాట్‌ఫారాల సమస్య*

*నమస్తే. ఈ రోజు నాతో గంటసేపు మాట్లాడినందుకు ధన్యవాదాలు. ఏ రైలు వెళ్లిందో తెలియాల్సిన అవసరం ఉందా అని మీరు అడిగిన ప్రశ్నతోనే నాకు రెండు వరసలను విడివిడిగా సర్దాలని తట్టింది. అప్పటిదాకా ప్రతి జతనూ పోల్చే దారిలోనే ఉన్నాను.*

*ఇంటికొచ్చాక అదే కోడ్‌ను మళ్లీ నడిపి చూశాను. 23:50కి వచ్చి 00:10కి వెళ్లే రైలు ఉంటే మనం రాసినది ఒక ప్లాట్‌ఫారం తక్కువ చెబుతోంది. వేళలు రోజూ ఒకటే అయితే ఆ రైలును అర్ధరాత్రి దగ్గర రెండుగా విడగొడితే సరిపోతోంది.*

*మీ బృందం వేళల పట్టికలతో చేసే పని గురించి చెప్పిన మాటలు బాగా ఆసక్తి కలిగించాయి. ఇంకేమైనా వివరాలు కావాలంటే పంపగలను.*

ఇంతే. చదవడానికి నిమిషం పట్టదు. ఇందులో నాలుగు పనులు జరిగాయి. ధన్యవాదం ఒక్క వాక్యంలో అయిపోయింది. సాయం ఎవరిదో వాళ్లకే దక్కింది. ఇంటర్వ్యూలో మిగిలిపోయిన లోపం ఒకటి, దాని మందుతో సహా బయటికొచ్చింది. చివరి మాట ఆ బృందం పనితో ముడిపడింది. ఫలితం ఎప్పుడు చెబుతారని అడగలేదు. ఆ ప్రశ్న హెచ్‌ఆర్ వాళ్లకు వేయాల్సినది.

ఈ నాలుగింటిలో ఎక్కువమంది తడబడేది రెండోదాని దగ్గర. అవతలివారు అందించిన సూచనను తమకే తట్టినట్టు రాసేస్తారు. ఇంటర్వ్యూ చేసినవారు కాల్ సాగుతుండగానే నోట్సు రాసుకుంటారు. ఏ మెట్టు దగ్గర సాయం కావాల్సివచ్చిందో అందులో ఉంటుంది. మెయిల్ ఒకటి చెప్పి నోట్సు ఇంకొకటి చెబితే నష్టం మెయిల్ రాసినవాళ్లకే. సాయాన్ని సాయమని రాసినవాళ్లు, రేపు ఆఫీసులో తమ కోడ్‌ను ఎవరైనా పరిశీలించి తప్పు చూపిస్తే వినేవాళ్లలాగా కనబడతారు.

రెండో తడబాటు సవరణలో జరుగుతుంది. నడిపి చూడకుండా, తోచినదాన్ని రాసేస్తారు. పై ఉదాహరణలోనే చూడండి. అర్ధరాత్రి రైలు వెళ్లే వేళకు 1440 కలిపితే చాలు కదా అని మొదట అనిపిస్తుంది. మైనస్ అంకె పోతుంది కాబట్టి సరైపోయినట్టే ఉంటుంది. కానీ రోజూ నడిచే రైలైతే, నిన్న రాత్రి వచ్చినది ఈ రోజు మొదటి పది నిమిషాలూ ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది. ఆ పది నిమిషాలను లెక్క వదిలేస్తుంది. ఈ రైలూ, 00:05కి వచ్చే ఇంకో రైలూ మాత్రమే ఉన్న పట్టిక ఇచ్చి నడిపితే తప్పు బయటపడుతుంది. తప్పు సవరణ పంపడం కంటే ఏ సవరణా పంపకపోవడం మేలు. ఏ కొత్త విషయమూ దొరక్కపోతే, ఆ సమస్యలో తనకు దారి చూపిన ఘట్టాన్ని ఒక వాక్యంలో చెప్పి ఆగిపోవచ్చు. అదీ మంచి మెయిలే.

మూడోది పొడవు. మొత్తం కోడ్‌ను అతికించి, మూడు ప్రత్యామ్నాయాలు వివరించి పంపితే అది రెండో ఇంటర్వ్యూ పెట్టమని అడిగినట్టు ఉంటుంది. ఒక్క విషయం చాలు. అలాగే కాలేజీలో సెలవు చీటీకి పెట్టే ‘రెస్పెక్టెడ్ సర్’ ఇక్కడ నప్పదు. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఒకరినొకరు పేరుతోనే పిలుచుకుంటారు, మెయిల్‌లోనూ అదే మర్యాద.

పంపే వేళ అదే రోజు సాయంత్రమో, మర్నాడు పొద్దున్నో. ఇంటర్వ్యూ చేసినవారి చిరునామా చాలాసార్లు మనకు ఇవ్వరు. అప్పుడు ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన హెచ్‌ఆర్‌కు రాసి, వాళ్లకు అందజేయమని అడగాలి. కంపెనీ చిరునామాలు ఎలా ఉంటాయో ఊహించి పంపడం, వ్యక్తిగత ఖాతాలు వెతికి పట్టుకోవడం వద్దు. ఒకే రోజు ముగ్గురితో మాట్లాడితే ముగ్గురికీ వేర్వేరు మెయిళ్లు వెళ్లాలి, ఎవరితో తేల్చిన సమస్య వాళ్లకు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న బయటపెట్టవద్దని చాలా కంపెనీలు ముందే చెబుతాయి. ఆ సమస్యను ఇచ్చినవారికి దాని గురించి రాయడంలో తప్పు లేదు. అదే కోడ్‌ను అందరికీ కనబడే గిట్‌హబ్ ఖాతాలో పెట్టి లింకు పంపితే మాట తప్పినట్టవుతుంది.

మరి దీనితో ఉద్యోగం వస్తుందా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలి. చాలా పెద్ద కంపెనీల్లో ఇంటర్వ్యూ చేసినవారు తమ అభిప్రాయాన్ని నిర్ణీత పద్ధతిలో రాసి పంపేస్తారు. గూగుల్‌లాంటి చోట్ల ఆ రాతలను చూసి నిర్ణయించే కమిటీ వేరే ఉంటుంది. అభిప్రాయం వెళ్లిపోయాక వచ్చిన మెయిల్ దాన్ని మార్చడం అరుదు. వందల మంది కూర్చునే క్యాంపస్ డ్రైవ్‌లో అయితే చదివేవాళ్లే ఉండరు. చిన్న కంపెనీలో, ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లూ మేనేజరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చేచోట ఇది చదువుతారు. ఇద్దరు అభ్యర్థులు సమానంగా ఉన్నప్పుడు గుర్తుకు రావడానికీ పనికొస్తుంది. కోడ్ అసలు రాయలేకపోయినవాళ్లను మాత్రం ఏ మెయిలూ గట్టెక్కించదు.

అయినా రాయండి. దీనికి కావాల్సింది ఒక సాయంత్రపు గంట, అందులో ముక్కాలు భాగం కోడ్‌ను మళ్లీ నడిపి చూడటానికే పోతుంది. ఈ ఉద్యోగం రాకపోయినా, అర్ధరాత్రి రైలు దగ్గర లెక్క ఎలా తప్పుతుందో మీకు తెలిసిపోతుంది. తర్వాతి ఇంటర్వ్యూలో ఆ మాట అవతలివారు అడగకముందే మీరే అంటారు.