మామిడి సొన, పనస జిగురు: రెండు మరకలు, రెండు మందులు

మామిడికాయ తొడిమ విరిచినప్పుడు చివ్వున చిమ్మే సొన, పచ్చి పనసకాయను కోసినప్పుడు కారే తెల్లని పాలు, రెండూ చేతికి అంటుకునే తీరు ఒకేలా ఉంటుంది. అందుకే చాలా ఇళ్లలో రెండింటికీ ఒకే వైద్యం చేస్తారు. బట్ట మీద మాత్రం వాటి దారులు వేరు. పనస పాలు ఎండితే రబ్బరు, బంక కలిసిన ముద్దగా దారాల మీద పేరుకుంటాయి. మామిడి సొన పడిన క్షణంలో రంగు లేకుండా ఉండి, గాలి తగిలాక గోధుమ రంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. అంటే మొదటిది పైన అంటుకున్న పదార్థం, రెండోది దారంలోనే పుట్టే రంగు.

మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఒకే కుటుంబపు చెట్లు. ఉతకడానికి వచ్చిన బట్టలు ఎవరివో తెలియడానికి రజకులు ఒకప్పుడు నల్లజీడి గింజ రసంతోనే గుర్తులు పెట్టేవారు. ఆ గుర్తు నిలవడానికి సున్నం కలిపేవారు. మామిడి సొన అంత గట్టిది కాకపోయినా స్వభావంలో దాని చుట్టమే. ఇలాంటి రసాలు క్షారం తగిలితే మరింత త్వరగా నల్లబడతాయి. కాబట్టి సొన పడిన చోట సున్నం, చాకలి సోడా రుద్దడం, మరక పోకముందే ఇస్త్రీ చేయడం మరకను స్థిరపరచే పనులే.

ఆవకాయ రోజున కాయలు తుడుస్తుండగా తెల్లని నూలు తువ్వాలు మీద సొన పడిందనుకుందాం. సొనలో నూనె అంశ ఉంటుంది గనుక వట్టి నీటితో తడిపితే పోదు, పక్కలకు పాకుతుంది. ముందుగా పొడి గుడ్డతో అద్ది పీల్చాలి, రుద్దకూడదు. తరువాత గిన్నెలు తోమే ద్రవాన్ని నాలుగైదు చుక్కలు నేరుగా మరక మీద వేసి, వేళ్లతో మెల్లగా నలిపి, పది నిమిషాలు ఉంచి, చన్నీళ్లతో మరక వెనుక వైపు నుంచి కడగాలి. బట్ట తడిగా ఉండగానే వెలుతురుకు ఎత్తి చూస్తే పలచని గోధుమ వలయం కనిపిస్తుందో లేదో తెలిసిపోతుంది. కనిపిస్తే ఆరబెట్టకుండా ఇంకోసారి అదే పని చేయాలి. రంగు తిరిగిన మరకకు, అదీ తెల్లని నూలు బట్టలకే, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పనికొస్తుంది. దాన్ని అంచున ఒక చోట పరీక్షించి, ఆ తరువాత మరక మీద పోసి పదిహేను నిమిషాల తరువాత బాగా జాడించాలి. రంగు బట్టల మీద ఇది రంగునే లాగేయవచ్చు. పట్టు చీరైతే డ్రైక్లీనింగ్‌కు ఇచ్చి, పడింది మామిడి సొన అని చెప్పడం ఉత్తమం. ఏడాది పాత మరక పలచబడుతుందే గాని పూర్తిగా పోతుందన్న హామీ లేదు.

పనస జిగురుకు మందు నూనె. బట్ట మీద పడిన ముద్దకు ఐసు ముక్క ఆనించి గట్టిపడనిచ్చి, చెంచా అంచుతో గీరితే చాలా భాగం రాలిపోతుంది. మిగిలిన దానికి కొబ్బరి నూనె పట్టించి ఇరవై నిమిషాలు ఆగితే జిగురు మెత్తబడి ఉండలుగా వస్తుంది. వేలితో నొక్కినప్పుడు ఇంకా అంటుతుంటే మళ్లీ నూనె రాయాలి. అంటడం ఆగిన తరువాతే గిన్నెల ద్రవంతో నూనెను వదిలించి, గోరువెచ్చని నీళ్లతో ఉతకాలి. ఈ వరుస తిరగబడి ముందే నీళ్లు తగిలితే జిగురు కరగదు సరికదా, రుద్దే కొద్దీ దారాల్లోకి దిగుతుంది. కొందరు కిరోసిన్ వాడతారు. అది పనిచేస్తుంది గాని పొయ్యికి దూరంగా, ఆరుబయటే వాడాలి. వాసన పూర్తిగా పోయేదాకా బట్టను వాషింగ్ మెషిన్‌లో వేయకూడదు.

కత్తి విషయంలో కోయక ముందే సగం పని అయిపోవాలి. పనసపొట్టు కొట్టేవాళ్లు చేతులకు, కత్తికి నూనె రాసుకుని కూర్చోవడం ఇందుకే. నూనె పొర మీద పాలు పట్టు చిక్కించుకోలేవు. కొడుతుండగా పొర పలచబడుతుంది గనుక మధ్యమధ్య మళ్లీ రాయాలి. అయినా జిగురు పట్టుకుంటే నూనె రాసి పది నిమిషాలు ఆగి, పాత కాగితంతో వెన్ను వైపు నుంచి అంచు వైపుకు తుడిచి, ఆ కాగితాన్ని చెత్తలో వేయాలి. సబ్బు ఆఖరున. ముందే పీచుతో రుద్దితే కత్తి శుభ్రం కాదు, పీచు పాడవుతుంది. మంట మీద కాల్చడం కూడా మంచిది కాదు, వేడికి అంచు పదును నిలిపే గట్టిదనం కోల్పోతుంది.

ఇనుప కత్తిపీట మీద పచ్చి మామిడి కోస్తే కనిపించే నలుపు సొన వల్ల వచ్చేది కాదు. కాయలోని వగరు, పులుపు ఇనుముతో కలిసి ఏర్పడే రంగు అది. స్టీలు కత్తిపై రానే రాదు. చింతపండు గుజ్జు, ఉప్పు కలిపి రుద్ది, కడిగి, వెంటనే తడి లేకుండా తుడిచి, పలచగా నూనె రాస్తే నలుపు పోతుంది, తుప్పూ పట్టదు.