బస్తాల కౌలు, రూపాయల నోటు

కృష్ణా డెల్టాలో పొలం కౌలుకిచ్చే ఆసామీ, పుచ్చుకునే రైతూ తరచుగా బస్తాలలోనే బేరమాడుతారు. ఎకరానికి ఇన్ని బస్తాల ధాన్యమని మాట అనుకుంటారు. బస్తా అంటే 75 కిలోలు. అదే రైతు పెళ్ళి ఖర్చుకో, పెట్టుబడికో అప్పు చేస్తే మాత్రం ప్రోనోటు రూపాయలలో వ్రాస్తాడు: అసలు ఇంత, వడ్డీ నెలకు నూటికి రూపాయి. ధరలు కదలనంత కాలం ఈ రెండు ఒప్పందాలకూ తేడా కనబడదు. ధరలు లేచినప్పుడు గాని ఏది ఎవరిని కాపాడిందో, ఏది ఎవరిని ముంచిందో బయటపడదు.

ఇట్లా ధరలన్నీ కలిసి పైకి పోవడాన్నే ద్రవ్యోల్బణ మంటున్నాము. ఉల్బణమంటే మితిమీరినదని అర్థం. దానివల్ల నష్టమేమిటని అడిగితే “అన్నీ ప్రియమైపోతాయి” అని అందరూ చెబుతారు. కాని జీతాలు, కూలి, ధాన్యం ధర, వడ్డీ అన్నీ ఒకే లెక్కన పెరిగితే ఎవరికి నష్టం? అసలు చిక్కు అవన్నీ ఒకే లెక్కన పెరగకపోవడంలో ఉన్నది. పెరుగుదల ముందుగా తెలిసినదా, తెలియనిదా అన్నదానిమీద ఆ చిక్కు ఆధారపడుతుంది.

తెలియని పెరుగుదలకు మన దేశంలో మంచి ఉదాహరణ 1973, 1974 సంవత్సరాలు. 1972లో వానలు దెబ్బతీశాయి. 1973 చివర పెట్రోలు ఎగుమతి చేసే దేశాలు ముడిచమురు ధర ఒక్కసారిగా పెంచాయి. కార్మికుల జీవనవ్యయ సూచిక 1973లో దాదాపు 17 శాతం, 1974లో 28 శాతానికి పైగా పెరిగింది. అంటే 1972లో నూరు రూపాయలకు వచ్చిన సరుకుకు 1974లో నూటయాభై దాకా పెట్టవలసి వచ్చింది.

లెక్క తేలిక కోసం ఒక ఉదాహరణ అనుకుందాము. ఉయ్యూరులో ఒక రిటైరైన పంతులుగారు 1972 నడుమ ఒక రైతుకు పదివేలు రూపాయి వడ్డీకి ఇచ్చారు. రెండేళ్ళకు వడ్డీ 2,400 కలుపుకొని 12,400 చేతికి వచ్చాయి. నోటు ప్రకారం పైసా బాకీ లేదు. కాని వెనుక పదివేలకు వచ్చిన సరుకుకు ఇప్పుడు పదిహేనువేలు కావాలి. ఆయన చేతిలోని 12,400 వెనుకటి రూపాయలలో సుమారు 8,270 మాత్రమే. వడ్డీ సంగతి అటుంచి, అసలులోనే పదిహేడు వందలకు పైగా కరిగిపోయింది.

పోయిన ఆ సొమ్ము గాలిలో కలిసిపోలేదు. అప్పు చేసేనాడు బస్తా నలభై అనుకుంటే, రైతు తీసుకున్నది 250 బస్తాల విలువ. తీర్చేనాటికి బస్తా అరవై అయితే, అసలూ వడ్డీ కలిపి తీర్చడానికి 207 బస్తాలు చాలాయి. పంతులుగారు చేసిన తప్పు లేదు. రైతు చేసిన మోసమూ లేదు. ఒకరి ఇంట్లోనుంచి మరొకరి ఇంట్లోకి సొమ్ము నడిచిపోయింది, అంతే. కష్టం చూసి గాని, అవసరం చూసి గాని జరిగిన పంపకం కాదిది. అప్పిచ్చినది పెద్ద షావుకారైనా, పింఛను మీద బ్రతికే వృద్ధుడైనా కోత ఒక్కటే.

పోనీ, అప్పుపడినవాడికి ఎప్పుడూ లాభమేనా అంటే అదీ లేదు. 1974 జూలైలో రిజర్వు బ్యాంకు తన రేటును 7 నుంచి 9 శాతానికి పెంచింది. ఉద్యోగుల కరువు భత్యంలో కొత్తగా పెరిగిన దానిలో సగం నిర్బంధ డిపాజిట్టుగా నిలిపివేశారు. తరువాత పంటలు కలిసివచ్చాయి. 1976లో సగటు ధరలు అంతకుముందు ఏటికంటె ఏడున్నర శాతం దాకా తగ్గాయి. “ఎట్లాగూ ధరలు పెరుగుతాయి, బాకీ తేలికవుతుంది” అనుకొని 1975లో రూపాయి వడ్డీకి అప్పు చేసినవాడు ఏడాదికి నూటికి 112 కట్టాడు. సరుకుల లెక్కన అది దాదాపు 121. ఈసారి సొమ్ము ఎదురు దిక్కున నడిచింది.

ఇక అంతా ముందే తెలుసుననుకోండి. రెండేళ్ళలో ధరలు ఒకటిన్నర రెట్లవుతాయని పంతులుగారికీ, రైతుకూ తెలిసివుంటే నోటు రూపాయి వడ్డీకి వ్రాసేవారు కారు. పాత రాబడి దక్కాలంటే నూటికి నెలకు మూడు రూపాయల అరవై పైసల దాకా వడ్డీ వ్రాసుకోవాలి. అప్పుడు ఎవరి సొమ్మూ ఎవరింటికీ పోదు. అయినా రెండు చిన్న ఖర్చులు మిగిలిపోతాయి.

మొదటిది ధరల పట్టిక ఖర్చు. విజయవాడ గవర్నరుపేటలో ఒక ఫలహారశాల నడిపేవారి సంగతి చూడండి. పప్పు, నూనె ధరలు నెలనెలా కాస్తకాస్తగా పెరుగుతాయి. ఆయన ఇడ్లీ ధర నెలనెలా పెంచలేడు. గోడమీది బోర్డు తిరిగి వ్రాయించాలి, కార్డులు అచ్చువేయించాలి, రోజూ వచ్చేవాళ్ళతో మాటపడాలి. అందుకని కొన్ని నెలలు ఓర్చుకొని, ఒక్కసారిగా అయిదు రూపాయలు పెంచుతాడు. లేదా ధర అట్లాగే ఉంచి ఇడ్లీ చిన్నది చేస్తాడు. పక్క హోటలు ఈ నెల, ఈ హోటలు మూడు నెలల తరువాత పెంచితే, నిజంగా ఎక్కడ చౌకో కొనేవాడికి అంతుపట్టదు.

రెండవదానికి అర్థశాస్త్రజ్ఞులు చెప్పుల అరుగుదల అని పేరు పెట్టారు. ఇంట్లో నగదు ఉంచితే దాని విలువ తరుగుతుంది గనుక, కొద్దికొద్దిగా తెచ్చుకోవడానికి బ్యాంకుకు పదేపదే తిరగవలసి రావడమన్నమాట. నెలకు పన్నెండువేలు ఖర్చుపెట్టే ఇల్లాలు మొత్తం ఒకేసారి తెచ్చుకుంటే, సగటున ఇంట్లో ఆరువేలు ఉంటాయి. వారానికోసారి తెచ్చుకుంటే సగటు పదిహేనువందలే. ధరలు ఏటా 6 శాతం పెరిగేటప్పుడు ఈ తిరుగుడువల్ల ఏడాదికి మిగిలేది 270 రూపాయలు. దానికోసం అదనంగా 36 సార్లు తిరగాలి, అంటే తిరుగుడుకు ఏడున్నర రూపాయలు. ఎవరూ కదలరు. అదే 60 శాతమైతే తిరుగుడుకు 75 గిట్టుతుంది. అందరూ క్యూలో నిలబడతారు. 1923లో జర్మనీలో పనివారు కూలి అందుకోగానే అంగళ్ళకు పరుగెత్తవలసి వచ్చింది. ఈ రోజుల్లో ఫోనుతోనే డబ్బు చెల్లిస్తున్నాము గనుక మనకు ఆ అరుగుదల చాలావరకు తగ్గింది.

కాబట్టి తెలిసిన పెరుగుదల చిల్లర తెగులు, తెలియనిది అసలు రోగమని చెప్పవచ్చు. కాని ఇందులో ఒక మెలిక ఉన్నది. ముందే తెలిసినంత మాత్రాన చాలదు. ఒప్పందం దిద్దుకునే వీలుండాలి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కరువు భత్యం ధరల సూచికను అనుసరించి పెరుగుతుంది. ప్రావిడెంటు ఫండు వారి 1995 నాటి పింఛను పథకానికి అటువంటి భత్యం లేదు. ఆ పథకంలో 2014లో కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. ధరలు పెరుగుతాయని ఆ పింఛనుదారుకు పూర్తిగా తెలుసు. తెలిసి ఏం లాభం? నోటు తిరగవ్రాసే అధికారం ఆయన చేతిలో లేదు.

అందుచేత ఇంట్లో ఉన్న కాగితాలు ఒకసారి తీసి చూడండి: కౌలు, నోటు, డిపాజిట్టు, భీమా, పింఛను. ఒక్కొక్కదానిని ఒకే ప్రశ్న అడగండి. పదేళ్ళకు ఇది నాకు ఇన్ని రూపాయలిస్తానంటున్నదా, ఇన్ని బస్తాలిస్తానంటున్నదా? రూపాయలన్నచోట, ఏటా ధరల పెరుగుదలకంటె దానిమీద వచ్చే రాబడి ఎక్కువో తక్కువో లెక్కకట్టుకోండి. డెల్టాలో బస్తాల కౌలు కుదుర్చుకున్న పెద్దలకు ద్రవ్యోల్బణమనే మాట తెలిసి ఉండకపోవచ్చు. కాని ఆ లెక్క మాత్రం తెలుసు.