ఇంట్లో పోలీసుల సోదా.. వీడియో తీయాల్సింది ఎవరు?

పోలీసులు సోదాకు వచ్చి బీరువా తెరిచారనుకుందాం. అందులో నగలు, రూ.2 లక్షల నగదు ఉన్నాయి. రెండూ తీసుకెళ్లారు. కానీ చేతికిచ్చిన లిస్టులో నగలే ఉన్నాయి! మరి డబ్బు సంగతి ఎలా రుజువు చేయాలి?

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో దీనికి ఓ దారి ఉంది. సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం, లిస్టు రాయడం, దానిపై సాక్షుల సంతకాలు.. అన్నీ వీడియో తీయాల్సిందే. తీయాల్సింది పోలీసులే, మామూలు మొబైల్ ఫోన్‌తో అయినా సరే. ఆ రికార్డింగ్‌ను ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. బీరువాలో కనిపించిన నోట్ల కట్టలు లిస్టులో లేకపోతే తేడా అక్కడే దొరికిపోతుంది. సరిగ్గా ఆ సమయానికే వీడియో కట్ అయి ఉంటే, అదీ కోర్టులో అడగాల్సిన ప్రశ్నే.

వారెంట్ లేకుండా వచ్చారా? కొన్ని సందర్భాల్లో రావొచ్చు. అయితే ఎందుకు వెతుకుతున్నారో సెక్షన్ 185 కింద ముందే రాసిపెట్టి, ఆ కాపీని 48 గంటల్లోగా మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఇంటివాళ్లు దరఖాస్తు చేసుకుంటే మేజిస్ట్రేట్ దాన్ని ఉచితంగా ఇస్తారు. ఈ కాపీ అడిగేవాళ్లే తక్కువ.

సోదా జరుగుతున్నంతసేపూ ఇంటివాళ్లు అక్కడే ఉండొచ్చు. సాక్షులు సంతకం చేసిన లిస్టు కాపీ వాళ్లకు ఇవ్వాలి. పోలీసులు వెళ్లకముందే దాన్ని ఒక్కో వస్తువుతో సరిచూసుకోండి.

ఒక్క విషయం. సోదాలో రూల్స్ తప్పినంత మాత్రాన దొరికిన వస్తువు సాక్ష్యంగా చెల్లకుండా పోదు. పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు 1973లోనే ఈ మాట చెప్పింది. దాన్ని ఎంతవరకు నమ్మాలన్నది మాత్రం విచారణలో తేలుతుంది.