దారిలో రూటర్ ఆగిపోతే...

కంప్యూటర్లను ఎలా కలపాలన్న విషయంలో 1970ల ఫ్రాన్స్‌లో రెండు వర్గాలు తలపడ్డాయి. లూయీ పూజాన్ బృందం సిక్లాడ్ అనే నెట్‌వర్క్‌లో డేటాగ్రామ్ పద్ధతిని నడిపి చూపింది. టెలిఫోన్ యంత్రాంగం మాత్రం వర్చువల్ సర్క్యూట్‌నే నమ్ముకుని 1978లో ట్రాన్స్‌పాక్‌ను ప్రారంభించింది. ఆ తర్వాత వచ్చిన మినిటెల్ టెర్మినళ్లు దాని మీదే పనిచేశాయి.

వర్చువల్ సర్క్యూట్‌లో డేటా కన్నా ముందు ఒక కాల్ అభ్యర్థన బయలుదేరుతుంది. అది దాటిన ప్రతి స్విచ్ తన పట్టికలో ఒక వరుస రాసుకుంటుంది: ‘1వ లైన్‌లో 7వ నంబరుతో వచ్చిన ప్యాకెట్‌ను 3వ లైన్‌లో 12వ నంబరుతో పంపు’. అవతలి వైపు నుంచి అంగీకారం తిరిగొచ్చాకే అసలు డేటా కదులుతుంది. ఒక వైపు ప్రయాణానికి 20 మిల్లీసెకన్లు అనుకుందాం. చిన్న ప్రశ్న పంపి జవాబు తెచ్చుకోవడానికి డేటాగ్రామ్‌లో 40 మిల్లీసెకన్లు చాలు, ఇక్కడ 80 పడతాయి. గంటసేపు సాగే పెద్ద ఫైలుకైతే ఆ తేడా లెక్కలోకే రాదు. పైగా దారి ఖాయమయ్యాక ప్యాకెట్‌కు పూర్తి చిరునామా అక్కర్లేదు. ట్రాన్స్‌పాక్ వాడిన ఎక్స్.25లో డేటా ప్యాకెట్ శీర్షిక మామూలుగా 3 బైట్లే. ఇప్పటి ఐపీ నాలుగో వెర్షన్‌లో కనీసం 20.

మరి ఆ పట్టికల భారం? ఒక స్విచ్ మీదుగా 10,000 సంభాషణలు సాగుతుంటే 10,000 వరుసలు ఉండాలి, ముగిసినవాటిని తుడిచెయ్యాలి కూడా. డేటాగ్రామ్ రూటర్‌కు సంభాషణలతో పనే లేదు. ఏ చిరునామాల గుంపు ఎటువైపో తెలిస్తే చాలు. అలాగని ఆ పట్టిక చిన్నదేమీ కాదు. ఇంటర్నెట్ నడిబొడ్డున ఉండే రూటర్లలో అది సుమారు 10 లక్షల వరుసలు. కాకపోతే వాడేవాళ్లు ఒక్కరున్నా కోటిమంది ఉన్నా అది మారదు.

అసలు తేడా తెలిసేది మధ్యలో ఒక యంత్రం ఆగినప్పుడు. ఎక్స్.25 స్విచ్ పడిపోతే దాని పట్టికతో పాటు ఆ 10,000 కాల్స్ తెగిపోతాయి. తెగిన వాళ్లంతా ఒకేసారి మళ్లీ కాల్ చేస్తే ఆ ఒత్తిడి మిగతా స్విచ్‌ల మీద పడుతుంది. డేటాగ్రామ్‌లో సంభాషణ ఎంతవరకు వచ్చిందన్న లెక్క రెండు చివర్లలోని కంప్యూటర్ల దగ్గరే ఉంటుంది కాబట్టి కాల్ తెగదు, ఆ సమయంలో దారిలో ఉన్న ప్యాకెట్లు మాత్రం పోతాయి. టీసీపీ వాటిని మళ్లీ పంపుతుంది. అయితే కొత్త దారి రెప్పపాటులో దొరకదు. లైన్ తెగినట్టు కనిపించకుండా పొరుగు రూటర్ మౌనంగా ఆగిపోతే, ఓఎస్‌పీఎఫ్ సాధారణ అమరికలో అది పోయిందని తేల్చడానికి 40 సెకన్లు పడుతుంది. అంతసేపూ వెబ్ పేజీ కదలకుండా ఉండిపోయి, తర్వాత మళ్లీ లాగిన్ అడగకుండానే తెరుచుకుంటుంది.

ఇంటర్నెట్ డేటాగ్రామ్‌ను ఎంచుకున్నది ప్రధానంగా ఈ తట్టుకునే శక్తి కోసమే, అది సరైన నిర్ణయం. అయినా వర్చువల్ సర్క్యూట్ పోలేదు. ఇప్పటి పెద్ద ఆపరేటర్లు తమ లోపలి నెట్‌వర్క్‌లో ఎంపీఎల్ఎస్ పేరుతో ముందే గీసిన దారులు వాడుతున్నారు. ఒక్కో సంభాషణకు కాక మొత్తం ట్రాఫిక్ గుంపుకు ఒక దారి వేస్తారు, ప్రత్యామ్నాయ దారిని కూడా ముందే సిద్ధం చేసుకుంటారు. అందువల్ల లింకు తెగినా సుమారు 50 మిల్లీసెకన్లలో దారి మార్చడం వారికి సాధ్యమవుతోంది.