వెనక్కి నడవని ఎడమ అంచు

ఒక తోటలో పది మామిడి చెట్లు ఒకే వరుసలో ఉన్నాయనుకోండి. మూడు రకాలవి: బంగినపల్లి, రసం, కలెక్టర్. మొదటి అక్షరాలతో రాసుకుంటే వరుస ఇలా ఉంది.

బ క బ ర ర బ క ర ర క

మీ చేతిలో రెండు బుట్టలున్నాయి. ఒక్కో బుట్టలో ఒకే రకం వెయ్యాలి. ఎక్కడైనా మొదలుపెట్టి కుడివైపు నడుస్తూ, ఏ చెట్టునీ వదలకుండా ఒక్కో కాయ కోసుకుంటూ పోవాలి. మూడో రకం ఎదురైతే ఆగిపోవాలి. ఎక్కడ మొదలుపెడితే ఎక్కువ కాయలు వస్తాయి?

కోడింగ్ రౌండ్లకు తయారయ్యే పిల్లలు ఈ లెక్కను చూడగానే గుర్తుపడతారు. లీట్‌కోడ్‌లో 904వ నంబరుగా పండ్లు, బుట్టల కథతో ఉన్నది ఇదే. కథ తీసేస్తే మిగిలేది ఇంతే: ఒక అర్రే ఇస్తారు, k అనే సంఖ్య ఇస్తారు. వరుసగా ఉన్న ముక్కల్లో, k రకాలకు మించని వాటిలో, అన్నిటికన్నా పొడవైనది చెప్పాలి. అలాంటి ముక్కనే సబ్‌అర్రే అంటారు. పైన k అంటే 2.

పది చెట్లయితే కంటితోనే చెప్పెయ్యవచ్చు. కోడ్‌ఫోర్సెస్‌లో 616D అనే లెక్క అడిగేదీ ఇదే. అక్కడ అర్రే పొడవు 5 లక్షల దాకా ఉంటుంది. ప్రతి మొదలుకీ ప్రతి చివరనూ జతచేసి చూద్దామంటే సుమారు 12,500 కోట్ల ముక్కలు తేలతాయి. ఒక్కో ముక్కలో ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టడం ఆ పైన పని. ఆ దారిన పోతే పోటీ సమయం చాలదు.

చాలే దారి ఇలా ఉంటుంది. వరుస మీద ఒక కిటికీ పెట్టామనుకుందాం. దానికి ఎడమ అంచు, కుడి అంచు ఉంటాయి. కుడి అంచును ఒక్కో చెట్టు చొప్పున ముందుకు జరుపుతాం. కిటికీలో రకాలు k దాటితే, మళ్లీ k కి దిగేదాకా ఎడమ అంచును ముందుకు లాగుతాం. అప్పుడు కిటికీ పొడవు కొలిచి, ఇంతవరకూ దొరికిన పెద్దదానితో పోలుస్తాం. దీన్నే స్లైడింగ్ విండో అంటారు. కిటికీలో ఏ రకం ఎన్నిసార్లు ఉందో రాసిపెట్టుకునే పట్టిక ఫ్రీక్వెన్సీ మ్యాప్.

మన వరుస మీద నడిపి చూద్దాం. మొదటి మూడు చెట్ల దాకా ఇబ్బంది లేదు. పట్టికలో బ రెండు, క ఒకటి, పొడవు 3. నాలుగో చెట్టు ర. రకాలు మూడయ్యాయి. ఎడమవైపు మొదటి చెట్టును వదిలేశాం. అది బ, పట్టికలో రెండు కాస్తా ఒకటైంది గానీ బ పోలేదు, ఎందుకంటే మూడో చెట్టూ బ నే. రకాలు ఇంకా మూడు. రెండో చెట్టునూ వదిలాం. అది క, దాని లెక్క సున్నా అయింది, పట్టికలోంచి పేరు కొట్టేశాం. ఇప్పుడు కిటికీ 3 నుంచి 4 దాకా. ఐదో చెట్టు ర, ఆరోది బ, రెండూ చేరాయి. పొడవు 4.

ఏడో చెట్టు క. మళ్లీ మూడు రకాలు. ఈసారి మూడు చెట్లు వదలాల్సి వచ్చింది: మూడోది వదిలితే బ ఒకటి మిగిలింది, నాలుగోది వదిలితే ర ఒకటి మిగిలింది, ఐదోది వదిలాకే ర సున్నా అయింది. కిటికీ 6 నుంచి 7. ఎనిమిదో చెట్టు ర రాగానే ఆరో చెట్టు బ వెళ్లిపోయింది. తొమ్మిది, పది చేరాక కిటికీ 7 నుంచి 10, పొడవు మళ్లీ 4. అంతకు మించింది లేదు కాబట్టి జవాబు 4. రెండు చోట్ల ఒకే పొడవు వచ్చింది. వాటిలో ఏది చెప్పాలన్నది పోల్చే గుర్తును బట్టి ఉంటుంది. పాతదానికన్నా పెద్దదైతేనే మార్చమంటే మొదటిది నిలుస్తుంది. సమానమైనా మార్చమంటే చివరిది నిలుస్తుంది.

ఎడమ అంచును ఎప్పుడూ ముందుకే లాగుతున్నాం. వెనక ఏదో మంచి ముక్క వదిలేసుకోవడం లేదని నమ్మకమేమిటి? అసలు కీలకం ఇక్కడే ఉంది. కుడి అంచు ఏడో చెట్టు దగ్గర ఉన్నప్పుడు ఎడమ అంచు 6 కంటే వెనక ఉండకూడదని తేలింది. ఐదో చెట్టు నుంచి మొదలుపెడితే ఏడో చెట్టుకే మూడు రకాలవుతాయి. అలాంటప్పుడు ఎనిమిదో చెట్టునూ కలుపుకుంటే రకాలు తగ్గుతాయా? తగ్గవు. ముక్క పెరిగితే రకాలు అంతే ఉంటాయి, లేదా పెరుగుతాయి. కాబట్టి ఒకసారి పనికిరాదన్న మొదలు, కుడి అంచు ఎంత దూరం పోయినా పనికిరాదు. ఎడమ అంచు వెనక్కి చూడనక్కర్లేదు.

వేగం కూడా దీన్నుంచే వస్తుంది. ఒక చెట్టు కిటికీలోకి ఒక్కసారే వస్తుంది, బయటికి పోతే ఒక్కసారే పోతుంది. పైన కుడి అంచు పది చెట్ల మీదుగా నడిచింది, ఎడమ అంచు ఆరు చెట్లు వదిలింది. 5 లక్షల అర్రేలో రెండూ కలిసి 10 లక్షలు దాటవు. కోడ్‌లో లూప్ లోపల లూప్ కనబడగానే వేగం పోయిందని కంగారుపడే వాళ్లుంటారు. లోపలి లూప్ ఒక్కోసారి చాలాసేపు తిరిగినా, మొత్తం మీద అది తిరిగేది అర్రే పొడవును మించదు.

```python
def longest(a, k):
    freq = {}
    left = best = start = 0
    for right, x in enumerate(a):
        freq[x] = freq.get(x, 0) + 1
        while len(freq) > k:
            y = a[left]
            freq[y] -= 1
            if freq[y] == 0:
                del freq[y]
            left += 1
        if right - left + 1 > best:
            best = right - left + 1
            start = left
    return start, best
```

మన వరుసకు ఇది `(2, 4)` అని ఇస్తుంది. పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది గనక 2 అంటే మూడో చెట్టు.

పట్టికలో అంకెలెందుకు, ఏ రకాలున్నాయో పేర్లు రాసుకుంటే చాలదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. చాలదు. వట్టి పేర్ల సెట్‌తో ఇదే వరుస నడిపి చూడండి. నాలుగో చెట్టు దగ్గర మొదటి చెట్టును వదలగానే బ పేరు కొట్టేస్తాం, రకాలు రెండే అనుకుని ఆగిపోతాం. మూడో చెట్టు బ మాత్రం కిటికీలోనే ఉంది. అక్కడ మొదలైన తప్పు ముందుకు సాగి, చివరికి 4 నుంచి 10 దాకా కిటికీ బాగానే ఉందని చెప్పి జవాబు 7 అంటుంది. ఆ ఏడు చెట్ల మధ్యలో ఆరోది బంగినపల్లి! రావలసిన దానికన్నా పెద్ద జవాబు వస్తుంటే, ఇచ్చిన ముక్కను విడిగా తీసి రకాలు లెక్కపెట్టండి. ఈ తప్పు అక్కడే దొరుకుతుంది.

ఇంకో తప్పు దీనికి ఎదురు దిక్కున ఉంటుంది. అంకె సున్నా అయ్యాక `del` వరస మరిచిపోతారు. అప్పుడు `len(freq)` మూడు దగ్గరే బిగుసుకుపోతుంది. సున్నా ఉన్న పేరు కూడా పేరే కదా, పైథాన్ దాన్నీ లెక్కపెడుతుంది. నాలుగో చెట్టు దగ్గర మొదలైన `while` ఆగదు. ఎడమ అంచు కుడి అంచును దాటి, అంకెలు మైనస్‌లోకి దిగి, వరుస చివర దాటగానే `IndexError` వస్తుంది. పైథాన్‌లోని `Counter` కూడా సున్నా పేర్లను తనంతట తాను తీసెయ్యదు. ఈ తప్పు కనీసం అరిచి చెబుతుంది. సెట్ తప్పు నవ్వుతూ తప్పు జవాబిస్తుంది, అందుకే అదే ప్రమాదం.

విలువలు చిన్న పూర్ణాంకాలని ముందే తెలిస్తే మ్యాప్ కూడా అవసరం లేదు. 616D లో అవి 10 లక్షలు దాటవు. కాబట్టి అంతకన్నా ఒక గడి ఎక్కువ పొడవున్న మామూలు అర్రే ఒకటి పెట్టుకుని, సున్నా నుంచి ఒకటికి ఎక్కినప్పుడు రకాల లెక్క ఒకటి పెంచి, ఒకటి నుంచి సున్నాకు దిగినప్పుడు ఒకటి తగ్గిస్తే సరిపోతుంది. విలువలు పెద్ద సంఖ్యలో, పేర్లో అయితే మ్యాప్ తప్పదు. అది మరీ పెరుగుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. అర్రే ఎంత పెద్దదైనా మ్యాప్‌లో ఒకేసారి k కంటే ఒక్క పేరే ఎక్కువ ఉండగలదు, అదీ `while` మొదలయ్యే క్షణంలోనే.

ఒక చమత్కారం చెప్పాలి. `while` బదులు `if` రాసినా ఈ లెక్కకు జవాబు సరిగ్గానే వస్తుంది! `if` తో ఎడమ అంచు ఒక్కసారికి ఒక్క చెట్టే వదులుతుంది, కాబట్టి కిటికీ ఎన్నడూ కుంచించుకుపోదు. ఒకటి చేరితే ఒకటి పోతుంది, అంతే. కిటికీ పెరిగేది, కొత్త చెట్టు చేరాక కూడా రకాలు k దాటనప్పుడు మాత్రమే. అంటే పొడవులో కొత్త రికార్డు వచ్చిన ప్రతిసారీ ఆ కిటికీ సక్రమమైనదే. మన వరుసలో నాలుగో చెట్టు దగ్గర కిటికీ 2 నుంచి 4, అందులో మూడు రకాలు, అది చెల్లదు. అయినా పొడవు 3 మాత్రమే, కొత్త రికార్డు కాదు గనక నష్టం లేదు. ఆరో చెట్టుకు 4 అవుతుంది, చివరిదాకా 4 గానే ఉంటుంది.

ఈ `if` పొడవైన ముక్క అడిగినప్పుడే పనిచేస్తుంది. k రకాలకు మించని ముక్కలు మొత్తం ఎన్ని అని అడిగితే పనిచెయ్యదు. ఆ లెక్కలో ప్రతి కుడి అంచు దగ్గరా కిటికీ పొడవును కూడుతూ పోవాలి, ఎందుకంటే ఆ చెట్టుతో ముగిసే మంచి ముక్కలు సరిగ్గా అన్నే ఉంటాయి. `while` తో మన వరుసకు 1+2+3+2+3+4+2+2+3+4, మొత్తం 26. `if` తో కూడితే 32, అందులో ఆరు చెల్లని ముక్కలు.

సరిగ్గా రెండే రకాలున్న ముక్కలెన్ని అని అడిగితే కిటికీ నేరుగా లొంగదు. ఒక్క రకమే ఉన్నప్పుడు మొదలు చెల్లదు, కుడివైపు పెరిగాక చెల్లుతుంది, ఇంకా పెరిగితే మళ్లీ చెల్లదు. ఎడమ అంచు వెనక్కి చూడనక్కర్లేదన్న హామీ అక్కడ పోయింది. దారి వేరే ఉంది: రెండు రకాలకు మించనివి 26, ఒక్క రకానికి మించనివి 12, తీసివేస్తే 14. అదే ఫంక్షన్‌ను k తో ఒకసారి, k నుంచి ఒకటి తగ్గించి ఇంకోసారి పిలిస్తే చాలు. లీట్‌కోడ్‌లో 992వ లెక్క అడిగేది ఇదే. దాన్ని రాసేటప్పుడు మాత్రం `if` జోలికి పోకుండా `while` నే వాడండి.